ఫొటో సమం మీద మారాలి, కానీ ప్రతి సమం మీదా కాదు

ప్రశ్న: మా లెక్కల సార్ ఈ నెలాఖరున రిటైర్ అవుతున్నారు. మా పాత బ్యాచ్ వాళ్లం 140 ఫొటోలు పోగుచేశాం. సార్ బోర్డు మీద రాస్తూ ఎప్పుడూ కూనిరాగం తీసే పాత సినిమా పాట ఒకటుంది, దాని మీద స్లైడ్ షో చేస్తున్నాను. పాట నిడివి 4 నిమిషాల 20 సెకన్లు. నాలుగు బీట్లు కలిపి కొలిస్తే 2.6 సెకన్లు వచ్చింది. లాప్‌టాప్‌లో DaVinci Resolve అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, సెకనుకి 25 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫొటోకి 65 ఫ్రేములు పెట్టాను. మొదటి పది ఫొటోలు బీట్ మీద చక్కగా మారుతున్నాయి. రెండో చరణం వచ్చేసరికి పాట దారి పాటది, ఫొటోల దారి ఫొటోలది. పైగా 100 ఫొటోలే పట్టాయి, మిగతా 40 ఎక్కడ పెట్టాలి? వారం రోజులే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పూర్వ విద్యార్థిని, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: మీ కొలత తప్పు కాదు. కొలిచిన దాన్ని పాట పొడుగునా ఒకేలా పరిచేయడం దగ్గరే తేడా వచ్చింది. అది ఎలా వస్తుందో ముందు చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే మళ్లీ ఎక్కడ తప్పినా మీరే పట్టుకోగలరు.

మీరు కొలిచిన నాలుగు బీట్లు నిజానికి 2.6 కాదు, 2.61 సెకన్లు అనుకోండి. తేడా సెకనులో వందో వంతు. మొదటి పది ఫొటోలకి అది మొత్తం పదో వంతు సెకను అవుతుంది, అంటే రెండున్నర ఫ్రేములు. అంత చిన్న తేడా చూసేవాళ్లకి దాదాపు తెలియదు. కానీ ఈ తేడా ఎక్కడా పోదు, ప్రతి ఫొటోకీ పేరుకుంటూనే ఉంటుంది. 65వ ఫొటో దగ్గరికి వచ్చేసరికి 0.65 సెకను అవుతుంది. మీ పాటలో ఒక బీట్ నిడివి కూడా సరిగ్గా అంతే. అంటే అక్కడ మీ ఫొటో ఒక బీట్ ముందే మారిపోతోంది. 65 ఫొటోలు అంటే దాదాపు 2 నిమిషాల 50 సెకన్లు. మామూలు సినిమా పాటలో రెండో చరణం మొదలయ్యేది కూడా ఆ చుట్టుపక్కలే. మీరు చెప్పిన లక్షణం దీనికి సరిగ్గా సరిపోతుంది.

అయితే 2.61 అని సరిచేసుకుంటే చాలదా అంటే, చాలదు. 25 ఫ్రేముల లెక్కన 2.61 సెకన్లంటే 65 ఫ్రేములూ ఇంకో పావు ఫ్రేమూ. పావు ఫ్రేముని ఎవరూ కోయలేరు. ఇంకొక కారణం దీనికంటే పెద్దది. పాత సినిమా పాటల్లో చాలావరకు వాద్యకారులంతా కూర్చుని కలిసి వాయించినవే. ఈరోజుల్లోలా కంప్యూటర్ కొట్టే క్లిక్‌ని పట్టుకుని వాయించినవి కావు. పల్లవి నిదానంగా ఉండి చరణంలో పాట కొంచెం ఊపందుకుంటుంది, చివర పల్లవికి మళ్లీ తగ్గుతుంది. వింటే అది పాటకి అందం. కొలిస్తే మాత్రం చరణంలో నాలుగు బీట్లు 2.58 కావచ్చు, పల్లవిలో 2.61 కావచ్చు. అలాంటి పాటకి ఏ ఒక్క అంకె పెట్టినా ఎక్కడో ఒకచోట తప్పుతుంది. కాబట్టి అంకెని వదిలేసి, పాట పొడుగునా బీట్ ఎక్కడ పడుతోందో చేత్తో గుర్తులు పెట్టుకోవడమే దారి. ప్రతి గుర్తునీ విడిగా పెడతారు కాబట్టి ఒకచోట ఒక ఫ్రేము తేడా వచ్చినా అది తర్వాతి దాని మీదికి పాకదు.

గుర్తులు పెట్టేముందు ఒక పని చేయండి. పాట ఎంపీ3లో ఉంటే Audacity అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి WAVగా మార్చుకుని, ఇక చివరిదాకా ఆ ఒక్క ఫైలే వాడండి. ఆఖరి రోజున ఎవరో 'ఇంకా మంచి క్వాలిటీది దొరికింది' అని అదే పాట ఇంకో కాపీ పంపిస్తారు. తీసుకోకండి. క్యాసెట్ నుంచి ఎక్కించిన కాపీకీ సీడీ నుంచి ఎక్కించిన కాపీకీ వేగం కొద్దిగా తేడా ఉంటుంది, మొదట్లో ఉండే నిశ్శబ్దం కూడా ఒకేలా ఉండదు. మీ గుర్తులన్నీ పనికిరాకుండా పోతాయి.

ఇప్పుడు కీబోర్డు ముట్టుకోకుండా పాటని రెండుసార్లు వినండి, తొడ మీద తాళం వేస్తూ. నోటితో తకధిమి అనుకోండి. నాలుగింటిలో ఏది బరువుగా పడుతోందో చేతికే తెలుస్తుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లు దాన్ని సమం అంటారు, అక్కడి నుంచి మళ్లీ సమం దాకా ఒక ఆవర్తనం. మీరు నాలుగు లెక్కపెట్టారు కాబట్టి మీ పాట నడక చతురస్రమే. ఇది చదివే మిగతావాళ్లు మాత్రం ఒక సంగతి చూసుకోవాలి. మన పాటల్లో తకిట తకిట అని ఊయల ఊపులా నడిచేవి బోలెడున్నాయి. వాటిని నాలుగుగా లెక్కపెడితే సమం ఎప్పటికీ దొరకదు, ఆరుగా లెక్కపెట్టి మొదటిదాన్ని పట్టుకోవాలి.

సమం చేతికి అలవాటయ్యాక టైమ్‌లైన్‌లో పాట క్లిప్‌ని ఒకసారి క్లిక్ చేసి ఎంచుకోండి. ప్లే చేసి, ప్రతి సమానికీ M నొక్కుతూ పోండి. క్లిప్‌ని ఎంచుకుని నొక్కితే గుర్తు పాటకే అతుక్కుంటుంది, తర్వాత ఎప్పుడైనా పాటని పక్కకి జరిపినా గుర్తులు దానితోపాటే కదులుతాయి. ఏదీ ఎంచుకోకుండా నొక్కితే గుర్తు టైమ్‌లైన్ మీద పడుతుంది, పాట జరిగితే అది అక్కడే ఉండిపోతుంది. నాలుగు బీట్లకీ నొక్కకండి. సమం ఒక్కదానికే నొక్కితే పాట మొత్తానికి దాదాపు 100 గుర్తులొస్తాయి, చాలు.

ఈ పని చేసేటప్పుడు చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉండకూడదు. ఈ మాట కాస్త గట్టిగానే చెప్తున్నాను. బ్లూటూత్‌లో పాట మీ చెవికి చేరేసరికి పదో వంతు సెకను నుంచి పావు సెకను దాకా ఆలస్యం కావచ్చు. మీరు విన్నప్పుడు సరిగ్గానే నొక్కుతారు, కానీ లాప్‌టాప్‌లో పాట అప్పటికే ముందుకి వెళ్లిపోయి ఉంటుంది. గుర్తులన్నీ నాలుగైదు ఫ్రేములు వెనక పడతాయి. ఇంట్లో అవే ఇయర్‌బడ్స్‌తో చూసుకుంటే అన్నీ కుదిరినట్టే ఉంటాయి, హాల్లో స్పీకర్ల మీద వేసేసరికి ప్రతి ఫొటో ఆలస్యంగా మారుతుంది. వైరు ఉన్న ఇయర్‌ఫోన్ కానీ లాప్‌టాప్ సొంత స్పీకర్ కానీ వాడండి.

సరిగ్గా పడ్డాయో లేదో చెవితో కాదు, కంటితో చూసుకోవాలి. టైమ్‌లైన్‌ని బాగా దగ్గరికి జూమ్ చేస్తే పాట గీత కొండల్లా కనిపిస్తుంది. తబలా దెబ్బో డ్రమ్ దెబ్బో పడినచోట ఒక్కసారిగా నిటారుగా లేచి, తర్వాత మెల్లగా దిగుతుంది. గుర్తు ఆ నిటారు అంచు మీద ఉండాలి. కొన్ని ముందు, కొన్ని వెనక ఉన్నాయంటే అది మామూలు చేతి తేడా, ఒక్కోదాన్నీ లాగి అంచు మీద పెట్టుకోవచ్చు. అన్నీ ఒకే కొలతలో వెనక ఉన్నాయంటే కారణం బ్లూటూతే. అప్పుడు సరిచేస్తూ కూర్చోకండి, గుర్తులన్నీ తీసేసి వైరు పెట్టుకుని మళ్లీ నొక్కండి. నాలుగున్నర నిమిషాల పని.

ఇక్కడ ఒక కట్‌ని, అంటే ఒక ఫొటో పోయి ఇంకోటి వచ్చే చోటుని, దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే. మీ పాటలో ముందు వచ్చే సంగీతం 8 ఆవర్తనాలు ఉందనుకుందాం. అంటే పల్లవి మొదటి సమం 20.88 సెకన్ల దగ్గర, ఫ్రేముల లెక్కలో 20 సెకన్ల 22వ ఫ్రేము దగ్గర పడుతుంది. కానీ గొంతు అక్కడ మొదలు కాదు. మన పాటల్లో చాలావాటికి ఎత్తుగడ సమం మీద ఉండదు, అర బీట్ తర్వాత ఎత్తుకుంటారు. అర బీట్ అంటే మీ పాటలో 8 ఫ్రేములు. ఇప్పుడు ఫొటోని ఎక్కడ మార్చాలి? మాట మొదలైన చోట మార్చాలనిపిస్తుంది, ఎందుకంటే మన చెవి మాటనే పట్టుకుంటుంది. అలా మార్చి చూడండి, ఫొటో తడబడి వచ్చినట్టుంటుంది. అదే దెబ్బ మీద మార్చి చూడండి. దెబ్బ పడింది, సార్ మొహం వచ్చింది, 8 ఫ్రేముల తర్వాత గొంతు ఎత్తుకుంది. ఆ చిన్న ఖాళీలో చూసేవాళ్లు మొహాన్ని గుర్తుపడతారు, తర్వాత వచ్చిన మాట ఆ మనిషి గురించే అన్నట్టు వినిపిస్తుంది. ఇంకొక చిన్న సంగతి, కట్‌ని సరిగ్గా 22వ ఫ్రేము మీద కాకుండా 21 మీద పెట్టండి. దూరంగా ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే చెయ్యి పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. మన కళ్లకీ చెవులకీ ఆ వరస అలవాటే. బొమ్మ ఒక ఫ్రేము ముందుంటే ఎవరికీ తేడా తెలియదు, చప్పుడు ముందొచ్చి బొమ్మ వెనక వస్తేనే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇక 40 ఫొటోల సంగతి. అవి పట్టవు. నిజానికి మీరిప్పుడు పెట్టిన 100 కూడా ఎక్కువే.

నేను మొదటిసారి ఇలాంటి వీడియో చేసినప్పుడు ప్రతి రెండు బీట్లకీ ఒక ఫొటో మార్చాను. బీట్ అద్భుతంగా కుదిరింది, మా వాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ రోజు హాల్లో నేను టీచర్ గారి వెనక వరసలో కూర్చున్నాను. ఒక పాత ఫొటో వచ్చింది, ఆవిడ ముందుకి వంగి, పక్కన కూర్చున్న భర్తతో "ఆ చివర నిలబడ్డ పిల్లాడు..." అని మొదలుపెట్టారు. పేరు నోటిదాకా వచ్చింది. ఈలోపు ఫొటో మారిపోయింది. ఆవిడ "అయ్యో, పోయిందే" అన్నారు. తర్వాత ఫొటోకీ అంతే, ఆ తర్వాత ఫొటోకీ అంతే. కాసేపటికి గుర్తుపట్టే ప్రయత్నమే మానేసి, కుర్చీలో వెనక్కి వాలి చూస్తూ కూర్చున్నారు. ఆ వీడియో ఆవిడ కోసం చేసింది. ఆవిడకి తప్ప అందరికీ నచ్చింది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

కాబట్టి సమం ఎప్పుడు పడుతుందో పాట చెప్తుంది, ఆ సమాన్ని వాడుకోవాలో వదిలేయాలో ఫొటోలోని మొహాలు చెప్పాలి. ఒక్క మొహం ఉన్న ఫొటోకి ఒక ఆవర్తనం సరిపోతుంది. ముగ్గురు నలుగురు ఉంటే రెండు ఆవర్తనాలు, అంటే అయిదు సెకన్ల పైన. క్లాసు గ్రూప్ ఫొటో అయితే నాలుగు ఆవర్తనాలకి తక్కువ వద్దు, ఎందుకంటే హాల్లో ఉన్న ప్రతి ఒక్కళ్లూ ముందు తమని తాము వెతుక్కుంటారు, తర్వాతే పక్కవాళ్లని చూస్తారు. ఫొటో పాతదైన కొద్దీ టైమ్ ఇంకా పెంచండి. నిన్న మొన్న ఫోన్‌లో తీసినదాన్ని పట్టుకోవడానికి ఒక సెకను చాలు, ఇరవై ఏళ్ల కిందటి దానికి చాలదు.

మీ పాట నేను వినలేదు కాబట్టి, మామూలుగా ఉండే సినిమా పాట అమరికనే తీసుకుని ఈ లెక్క చేసి చూపిస్తాను. 100 ఆవర్తనాలని ఇలా అనుకుందాం: ముందు సంగీతం 8, పల్లవి 16, మొదటి బీజీఎం 12, మొదటి చరణం 20, మళ్లీ పల్లవి 4, రెండో బీజీఎం 12, రెండో చరణం 20, ముగింపు పల్లవి 8.

ముందు సంగీతంలో రెండేసి ఆవర్తనాలకి ఒకటి చొప్పున నాలుగు ఫొటోలు: స్కూలు గేటు, క్లాసు గది, సార్ చేతిరాత ఉన్న నోట్‌బుక్ పేజీ ఏదైనా ఉంటే అది, ఆ తర్వాత సార్ పాత ఫొటో ఒకటి. పల్లవి కూడా అదే నడక, ఎనిమిది ఫొటోలు. ఇవి సార్ ఉద్యోగంలో చేరిన కొత్తలోవి అయితే బాగుంటుంది, నెమ్మదిగా చూడాల్సినవి కాబట్టి. తర్వాత బీజీఎం. గొంతు ఆగిపోయి వాద్యాలు మాత్రమే ఉన్నప్పుడు కన్ను వేగాన్ని తట్టుకుంటుంది, కోరుకుంటుంది కూడా. మీ బీట్ సరదా అంతా ఇక్కడ తీర్చుకోండి. మొదటి 8 ఆవర్తనాలకి ఎనిమిది ఫొటోలు, మిగతా నాలుగింటిలో అర ఆవర్తనానికి ఒకటి చొప్పున ఇంకో ఎనిమిది. అర ఆవర్తనం అంటే సమం ఒకటి, మూడో బీట్ ఒకటి. దానికి ఆ నాలుగు ఆవర్తనాల్లో మాత్రం మూడో బీట్‌కి కూడా గుర్తు పెట్టుకోవాలి. ఇంత వేగానికి ఒకే సందర్భంలోని ఫొటోలు వాడండి. ఒకే స్పోర్ట్స్ డే, ఒకే యాన్యువల్ డే. మొదటి ఫొటోలోనే 'ఇది ఫలానా రోజు' అని తెలిసిపోతే మిగతా ఏడూ విడిగా చదవక్కర్లేదు, ఆ రోజు మొత్తం కళ్ల ముందు పరుగెత్తినట్టుంటుంది. వేరు వేరు ఏళ్లవి కలిపారా, ఒక్కటీ అందదు.

చరణంలోకి రాగానే మళ్లీ రెండేసి ఆవర్తనాలకి ఒకటి, పది ఫొటోలు. చరణం అయ్యాక వచ్చే నాలుగు ఆవర్తనాల పల్లవికి మీ బ్యాచ్ గ్రూప్ ఫొటో ఒక్కటే పెట్టండి. పాటలో అందరికీ తెలిసిన లైను అది, హాల్లో జనం గొంతు కలుపుతారు. గొంతు కలుపుతున్నప్పుడు చూడటానికి ఒకే బొమ్మ ఉండాలి. రెండో బీజీఎం మొదటి దానిలాగే 16, రెండో చరణం 10, ముగింపు పల్లవికి రెండే రెండు ఫొటోలు. అన్నీ కలిపితే 67.

అంటే 73 ఫొటోలు బయట ఉండిపోతాయి. వాటిని పంపినవాళ్లు నొచ్చుకుంటారని మీ భయం కావచ్చు. వాటిని వేరే వరసగా కట్టి, పాట లేకుండా, ఒక్కోటీ ఏడెనిమిది సెకన్లు ఉండేలా చేసి ప్రోగ్రాం మొదలయ్యేలోపు జనం వచ్చి కూర్చుంటున్నప్పుడు స్క్రీన్ మీద తిప్పండి. భోజనాల దగ్గర టీవీ ఉంటే అక్కడా తిప్పొచ్చు. వాళ్లు అక్కడ నిలబడి వేలు పెట్టి చూపించుకుంటారు. ఆ పని పాట మీద ఎలాగూ జరగదు.

టైమ్‌లైన్‌లోకి దిగేముందు ఈ అమరికనంతా నోట్‌బుక్‌లో ఒక గీత గీసి రాసుకోండి, ఏ ఆవర్తనం నుంచి ఏ ఆవర్తనం దాకా ఏ ఫొటో అని. తర్వాత పని సులువు. స్నాపింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే N నొక్కితే ఆన్ అవుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగిపోతుంది. అది ఆన్‌లో ఉంటే ఫొటో అంచుని గుర్తు దగ్గరికి లాగితే అదే అతుక్కుంటుంది. ఫొటోని లోపలికి తేగానే అది మామూలుగా 5 సెకన్ల నిడివితో వస్తుంది. దాని మొదలు ముందు ఫొటో చివరికి ఆనించి, చివరని కావలసిన గుర్తు దాకా లాగండి. కట్ ఒక ఫ్రేము ముందుండాలి అన్నాను కదా, దానికోసం 66 కట్‌లనీ ఒక్కోటిగా జరపక్కర్లేదు. అన్నీ గుర్తుల మీదే పెట్టేయండి, అంతా అయ్యాక పాట ఒక్కదాన్నే ఒక ఫ్రేము కుడివైపుకి జరపండి. అన్ని కట్‌లూ ఒకేసారి ఒక ఫ్రేము ముందుకి వచ్చినట్టే.

మధ్యలో ఒక ఫొటో వద్దనిపించి తీసేయాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. Delete నొక్కితే ఆ ఖాళీ మూసుకుపోవడానికి వెనక ఉన్న ఫొటోలన్నీ ముందుకి జరుగుతాయి, అక్కడి నుంచి చివరిదాకా ఏ కట్టూ బీట్ మీద ఉండదు. Backspace నొక్కితే ఖాళీ అలాగే ఉంటుంది, అందులో వేరే ఫొటో పెట్టుకోవచ్చు. మొదటి సగం బాగుండి, ఒకచోటి నుంచి అన్నీ ఒకే కొలతలో తప్పాయంటే ఎక్కడో Delete పడిందని అర్థం. కొద్దికొద్దిగా పెరుగుతూ తప్పితే మీకు ఇప్పుడు వచ్చిన జబ్బు. ఈ రెండింటినీ కలిపి చూడకండి, మందులు వేరు.

ఫొటోకీ ఫొటోకీ మధ్య కరిగిపోయే ఎఫెక్ట్ వేయాలా అని మీరు అడగలేదు కానీ వారం గడిచేలోపు ఎవరో ఒకరు వేయమంటారు. బీజీఎంలో వద్దు. కరగడానికి సెకను పట్టే చోట బీట్ ఎక్కడ పడిందో కంటికి తెలియదు, ఇంత కష్టపడి పెట్టిన గుర్తులకి అర్థం ఉండదు. చరణంలో గొంతు మెత్తగా ఉన్నచోట ఒకటి రెండు వేయొచ్చు, సగం సెకను నిడివితో, సమం పడేసరికి కొత్త మొహం పూర్తిగా వచ్చేసేలా. బీట్ బీట్‌కీ ఫొటో ముందుకి ఎగిరిపడే రెడీమేడ్ ఎఫెక్టులు అసలు వద్దు. 61 ఏళ్ల మనిషి కళ్లజోడు సర్దుకుంటూ చూసే వీడియో ఇది.

ఫొటోల నాణ్యత గురించి రెండు మాటలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. పాత ప్రింట్లని ఫోన్‌తో ఫొటో తీస్తే ట్యూబ్‌లైట్ మెరుపు పడుతుంది. స్కాన్ చేయించండి, కుదరకపోతే పగలు కిటికీ పక్కన లైట్లన్నీ ఆర్పి తీయండి.

అంతా అయ్యాక, సార్‌నీ మీ బ్యాచ్‌నీ బొత్తిగా తెలియనివాళ్లకి కాదు, కొంచెం తెలిసినవాళ్లకి చూపించండి. మీ అమ్మగారైతే సరి. పక్కన కూర్చుని స్క్రీన్ వైపు కాదు, ఆవిడ వైపు చూడండి. ఎక్కడ 'ఇదెవరు' అని అడగబోయి ఆగిపోయారో అక్కడ ఫొటో తొందరగా మారుతోంది. నోట్‌బుక్‌లో రాసుకుని ఆ ఫొటోకి ఇంకో ఆవర్తనం ఇవ్వండి. దానికి చోటు కావాలంటే పక్క ఫొటో ఒకటి తీసేయాల్సిందే, కట్‌ని సమం నుంచి పక్కకి జరపడం కుదరదు.

హాల్లో ముందురోజే ఒకసారి వేసి చూడండి. లాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి హాలు మిక్సర్‌కి ఆడియో వైరు. పొడుగు కేబుళ్లు లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, హాలు వాళ్ల దగ్గర ఉంటాయని నమ్ముకోకండి. కొన్ని ప్రొజెక్టర్లు బొమ్మని కొంచెం ఆలస్యంగా చూపిస్తాయి, పాట మాత్రం వైరులో వెంటనే వెళ్లిపోతుంది. అందుకే బీజీఎంలో వేగంగా మారే ఎనిమిది ఫొటోల దగ్గర చూడండి, తేడా ఉంటే అక్కడే ముందు తెలుస్తుంది. ఎక్కడ నిలబడి చూస్తున్నారన్నది కూడా ముఖ్యం. స్పీకర్ల నుంచి 20 మీటర్లు వెనక ఉంటే చప్పుడు మీ దగ్గరికి రావడానికే ఒకటిన్నర ఫ్రేము పడుతుంది. సార్ కూర్చునే కుర్చీలో కూర్చుని చూడండి. అక్కడి నుంచి బొమ్మ వెనకబడినట్టు అనిపిస్తే, ఇంట్లో పాటని రెండు మూడు ఫ్రేములు ఇంకా కుడివైపుకి జరిపిన రెండో వీడియో ఒకటి సిద్ధం చేసుకోండి. రెండూ లాప్‌టాప్‌లోనే ఉంచండి, పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా వేయొద్దు.

చివరి ఫొటో సార్ ఒక్కరే ఉన్నదై ఉండాలి, చాక్‌పీసుతో బోర్డు దగ్గర నిలబడి ఇటు తిరిగింది దొరికితే అంతకంటే ఏం కావాలి. పాట ఆఖరి దెబ్బ మీద స్క్రీన్ నల్లగా అయిపోకూడదు. పాట ఆగాక కూడా ఆ ఫొటోని ఇంకో 15 సెకన్లు అలాగే ఉంచండి, కింద పేర్లూ కృతజ్ఞతలూ ఏమీ రాయకండి. లైట్లు వేసే అబ్బాయికి ముందే చెప్పి పెట్టండి, చప్పట్లు మొదలైనప్పుడు కాదు, ఆగాకే లైట్లు వేయమని.